మామిడిపండు రంగు లోగోకి జతగా ఏ రంగులు? కార్డు, లెటర్‌హెడ్, బిల్ బుక్ మూడింటికీ

చిత్తూరు తాండ్ర:
మాది చిత్తూరు దగ్గర మామిడి తాండ్ర, గుజ్జు వ్యాపారం. లోగో ఒకే రంగు, పండిన మామిడి పసుపు. ప్రింటింగ్ ఇంకుల శాతాల్లో సయాన్ అంటే సి 0, మెజెంటా అంటే ఎం 30, పసుపు అంటే వై 100, నలుపు అంటే కె 0. ఇప్పుడు విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్, బిల్ బుక్ వేయించాలి. ఒక వెబ్‌సైటులో ఈ రంగు పెడితే నీలం, ఊదా, ఆకుపచ్చ కలిపి ఐదు రంగులు ఇచ్చింది. మా బావగారేమో ఆ పసుపునే లేతగా, ముదురుగా వాడితే చాలు, ఇంకో రంగు అక్కర్లేదంటున్నారు. ఏది నయం?

గీతల పిల్లాడు:
మీ బావగారు చెప్పిందే కరెక్ట్ అక్కా. ఒకే రంగు నుంచి పుట్టినవి కాబట్టి కార్డు చూసినా, బిల్లు చూసినా ఒకే కంపెనీ అని తెలిసిపోతుంది. మీ పసుపు 100 శాతం, తర్వాత 60, 30, 15. అక్షరాల కోసం ముదురు కావాలంటే అదే పసుపులో నలుపు 60 శాతం కలపండి. మొత్తం ఐదు షేడ్లు వచ్చేస్తాయి. మా కాలేజీలో ఇలాగే చేయిస్తున్నారు. నీలం, ఊదా తెచ్చి పెడితే అది మీ రంగే కాదు.

తిరుపతి ప్రెస్:
తమ్ముడు చెప్పిన పద్ధతి ముదురు నీలానికో, ముదురు ఆకుపచ్చకో బాగా పనిచేస్తుంది. పసుపు దగ్గరే అది చెడిపోతుంది. నేను ఆఫ్‌సెట్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి, ఇలాంటి పనులు తరచూ వస్తుంటాయి కాబట్టి వివరంగా చెబుతాను.

మొదట లేత షేడ్ల సంగతి. మీ పసుపే తెల్లకాగితానికి చాలా దగ్గరి రంగు. దాన్ని 60 చేసినా, 30 చేసినా చూసేవాళ్ళ కంటికి పెద్ద తేడా ఉండదు, రెండూ లేత పసుపే. 15 దగ్గర ట్యూబ్‌లైటు కింద అసలు రంగు వేశామా లేదా అని వెతుక్కోవాలి. అంటే స్క్రీన్ మీద ఐదు షేడ్లు కనిపించినా కాగితం మీద మిగిలేవి రెండే. లోగో పసుపు ఒకటి, వెనక పట్టీ వేసుకోవడానికి మీగడ రంగు ఒకటి. మీగడకి వై 20, ఎం 5 పెట్టుకోండి. ఇంకా తగ్గిస్తే లేత రంగుని చూపించే సన్నటి ఇంకు చుక్కలు ప్లేటు మీద సరిగ్గా నిలవవు, ఒక షీటులో కనపడి ఇంకో షీటులో మాయమవుతాయి.

రెండోది ముదురు. పసుపులో నలుపు కలిపితే ముదురు పసుపు రాదు తమ్ముడూ, పచ్చిక చచ్చినట్టుండే బురద ఆకుపచ్చ వస్తుంది. తినే వస్తువు అమ్మేవాళ్ళకి ఆ రంగు అస్సలు పనికిరాదు, తాండ్ర బూజు పట్టిందేమో అనిపిస్తుంది. ముదురు చేసేటప్పుడు రంగుని ఎరుపు వైపు జరపాలి. మెజెంటా బాగా పెంచి, సయాన్ కొంచెం కలిపి, ఆ తర్వాతే నలుపు. సి 30, ఎం 75, వై 100, కె 50 తో మొదలుపెట్టి చూడండి. బాగా ఎండిన తాండ్ర అంచు రంగు వస్తుంది. లోగో పక్కన పెడితే దాని తోబుట్టువులాగే ఉంటుంది, అక్షరాలు కూడా హాయిగా చదవొచ్చు.

పసుపు, తాండ్ర గోధుమ, మీగడ. స్టేషనరీకి ఈ మూడు చాలు, ఐదు అక్కర్లేదు.

ట్రావెల్స్ తమ్ముడు:
మాకూ ఇదే జరిగింది సార్. మా బండ్ల లోగో కుంకుమ రంగు, మెరూన్. డిజైనరు దాన్నే 20 శాతం చేసి కార్డు వెనకంతా పరిచాడు. ప్రింటయి వస్తే మొత్తం గులాబీ రంగు! తిరుమల వెళ్ళే యాత్రికులకి ఇచ్చే కార్డు అది, చూసినవాళ్ళు బ్యూటీ పార్లరు కార్డా అని అడిగారు. దానికేం చేయాలి? లోగోనే మార్చమంటారా?

తిరుపతి ప్రెస్:
లోగో మార్చొద్దు. ఎరుపు జాతి రంగులన్నీ లేతచేస్తే గులాబీకే పోతాయి, అది డిజైనరు చేతిలో ఉన్నది కాదు. మీరు మెరూన్‌ని లేతగా వాడకండి, ఎప్పుడూ నిండుగానే వాడండి. వెనక పరచడానికి గంధం రంగు తీసుకోండి. మామిడి పసుపుకి ముదురు రంగు బయట నుంచి తెచ్చుకోవాల్సి వచ్చినట్టే మీకు లేత రంగు బయట నుంచి రావాలి.

కాళహస్తి కలం:
ప్రెస్ అన్న చెప్పిన గోధుమ రంగు ఒప్పుకుంటా. కానీ నీలాన్ని అంత సులువుగా తీసెయ్యకండి. ఆ వెబ్‌సైటు ఊరికే ఇవ్వలేదు, రంగుల చక్రంలో ఈ పసుపుకి సరిగ్గా ఎదురుగా ఉండేది నీలమే. మా కలంకారీ బట్ట మీద పసుపు, నీలం పక్కపక్కనే ఉంటాయి, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు. పసుపు, గోధుమ, మీగడ మూడూ ఒకే వైపు రంగులు. అన్నీ కలిసి పాతబడిన కాగితంలా కనిపిస్తాయని నా భయం. మార్కెట్లో మామిడి సరుకు అమ్మే ప్రతివాళ్ళదీ పసుపూ గోధుమే కదా, వీళ్ళ కార్డు వేరుగా ఎలా కనపడుతుంది?

తిరుపతి ప్రెస్:
మీ మాటలో బలముంది. కానీ కాళహస్తి పనిలో ముందు కాసిం అనే నల్ల రంగుతో గీత గీస్తారు, రంగులు ఆ గీతల మధ్యలోకి వస్తాయి. పసుపుకీ నీలానికీ మధ్య ఎప్పుడూ నల్లగీత కాపలా ఉంటుంది. కార్డు మీద ఆ గీత ఉండదు. పసుపు పట్టీకి నీలం పట్టీ ఆనించి వేస్తే, మల్టీకలర్లో ప్లేటు వెంట్రుకవాసి జరిగినా మధ్యలో తెల్లటి సందో, ఆకుపచ్చ గీతో వస్తుంది. నీలం వాడాలంటే పసుపుకి దూరంగా, చాలా తక్కువ చోట వాడాలి. కార్డులో ఫోన్ నంబరు దగ్గర చిన్న గుర్తు, అంతే. బిల్ బుక్‌లో దాని జోలికి పోవద్దు, ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు ఖర్చు.

కాళహస్తి కలం:
తక్కువ చోట అంటే సరే. అసలు వద్దంటే మాత్రం ఒప్పుకోను.

లెక్కల అన్న:
మీరంతా కార్డు గురించే మాట్లాడుతున్నారు. నా దగ్గరికి వచ్చేవి బిల్లులు. సరుకు అమ్మేవాళ్ళు జీఎస్టీ బిల్లు మూడు కాపీలు రాయాలి: కొన్నవాళ్ళకి ఒకటి, లారీకి ఒకటి, మీ దగ్గర ఒకటి. కార్బన్‌లెస్ బుక్కుల్లో మొదటి కాపీ తెలుపు, మిగతావి మామూలుగా గులాబీ, పసుపు కాగితాలు. పసుపు కాగితం మీద పసుపు లోగో వేస్తే ఏముంటుంది? పైగా కొన్నవాళ్ళు బిల్లు జిరాక్స్ తీసో, ఫోన్‌లో ఫోటో తీసో పంపుతారు. జిరాక్స్‌లో పసుపు తెల్లగా అయిపోతుంది. కంపెనీ పేరు పసుపులో ఉందంటే ఆ బిల్లు ఎవరిదో నాకు తెలియదు. బిల్ బుక్ మొత్తం ఒకే ముదురు రంగులో వేయించండి, లోగోతో సహా.

గీతల పిల్లాడు:
గోధుమ రంగు విషయం ఇంటికెళ్ళి స్క్రీన్ మీద రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, ప్రెస్ అన్న చెప్పినట్టే నలుపు కలిపింది ఆకుపచ్చగా ఉంది. కానీ లోగోనే గోధుమలో వేయడం నాకు నచ్చలేదు. లోగో రంగు అన్నిచోట్లా ఒకటే ఉండాలి. ఒకచోట మారిస్తే ఇంక ఈ తతంగమంతా దేనికి? మొదటి కాపీ తెల్ల కాగితమే కదా, కనీసం దానిమీదైనా పసుపు వేయొచ్చు.

తిరుపతి ప్రెస్:
వేయొచ్చు. మూడు కాపీలూ విడివిడిగా ప్రింటు చేసి తర్వాతే కుడతాం కాబట్టి గోధుమ ప్లేటు మూడింటి మీదా నడిపి, పసుపు ప్లేటు తెల్ల కాగితాలకి మాత్రమే వేయొచ్చు. ఒక ప్లేటు, మిషన్ ఒకసారి కడగడం, తెల్ల కాగితాలకి ఇంకో రౌండు అదనం. తక్కువ బుక్కులకి ఆ ఖర్చు తెలుస్తుంది, ఎక్కువ బుక్కులైతే అంత తెలియదు. నన్నడిగితే లెక్కల అన్న వైపే ఉంటాను, బిల్లు మీద చదవగలగడమే మొదటి పని. కానీ తమ్ముడు చెప్పింది తప్పని అనను. కొందరు అలా వేయించుకుంటారు, చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. బిల్ బుక్‌లోనూ, లెటర్‌హెడ్‌లోనూ గోధుమ రంగుని నాలుగు ఇంకుల చుక్కలతో చేయించకండి. చిరునామా తెలుగులో ఉంటే వత్తులు, గుడిదీర్ఘాలు సన్నగా ఉంటాయి. నాలుగు ప్లేట్లు ఒకదానిమీద ఒకటి కచ్చితంగా పడకపోతే అక్షరం చుట్టూ ఎర్రటి నీడ కనిపిస్తుంది, చుక్కలవల్ల అంచులు కూడా కొరికినట్టుంటాయి. ఆ గోధుమని డబ్బాలోనే కలిపి ఒకే ఇంకుగా వేయమనండి. లెటర్‌హెడ్‌కి కలిపిన పసుపు ఒకటి, కలిపిన గోధుమ ఒకటి, రెండు ప్లేట్లు. విజిటింగ్ కార్డు ఎలాగూ మల్టీకలర్లో పదిమంది కార్డులతో కలిపి ఒకే షీటులో వేస్తారు, అక్కడ కలిపిన ఇంకు కుదరదు. కాబట్టి కార్డులో మీ వ్యాపారం పేరు పెద్దగా ఉంటుంది కనుక గోధుమలో పెట్టి, చిన్న అక్షరాలన్నీ నలుపు 100 లో ఉంచండి.

చిత్తూరు తాండ్ర:
అందరికీ థాంక్సండీ. లెక్కల అన్న చెప్పింది విని లోగోని ప్రింటు తీసి జిరాక్స్ షాపులో కాపీ చేయించాను. లోగో నిజంగానే సగం కనపడలేదు, దాని పక్కన గోధుమలో రాసిన పేరు నల్లగా, స్పష్టంగా వచ్చింది. కాబట్టి బిల్ బుక్ మొత్తం గోధుమ ఒక్కటే. లెటర్‌హెడ్ పసుపు, గోధుమ. కార్డుకి నీలం గుర్తు పెట్టాలా వద్దా అని మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఒక డౌటు. కార్డు నున్నటి ఆర్ట్ కార్డు మీద, లెటర్‌హెడ్ పూత లేని మాప్‌లిథో కాగితం మీద వేస్తామని ప్రెస్సులో అన్నారు. రెండింటికీ అవే నంబర్లు ఇస్తే అదే పసుపు వస్తుందా?

తిరుపతి ప్రెస్:
రాదమ్మా. మాప్‌లిథో ఇంకుని పీల్చుకుంటుంది, చుక్క కొంచెం పెద్దదవుతుంది. మీ పసుపులో వై ఎలాగూ 100 ఉంది, అది ఇంక పెరగదు. ఎం 30 మాత్రం కాగితం మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకే లెటర్‌హెడ్ పసుపు కొద్దిగా నారింజ వైపు పోయి, మెరుపు తగ్గినట్టుంటుంది. ఒకవేళ లెటర్‌హెడ్ కూడా నాలుగు రంగుల్లోనే వేయిస్తే దానికి ఎం 25 ఇవ్వండి. కలిపిన ఇంకు అయితే ఆ గొడవ తక్కువ, కలిపేవాడు మాప్‌లిథో ముక్క మీదే వేలితో పూసి, ఆరాక మీ కార్డుతో పోల్చి చూడాలి. తడిగా ఉన్నప్పుడు చూసి ఓకే అనకండి, ఆరితే మెరుపు పడిపోతుంది.

కార్డుకి మ్యాట్ లామినేషన్ వేయిస్తున్నారా? అయితే దానికి కూడా రంగు కొంచెం అణుగుతుంది. లామినేషన్ అయిన కార్డునే లెటర్‌హెడ్ వేసేవాళ్ళకి నమూనాగా ఇవ్వండి, స్క్రీన్ మీద బొమ్మ చూపించి ఇదే రంగు కావాలంటే ఎవరూ తేలేరు. నచ్చిన నమూనా మీద సంతకం, తేదీ వేసి ఒకటి మీ దగ్గర, ఒకటి ప్రెస్సులో ఉంచండి. ఎండ తగలని కవర్లో పెట్టండి, పసుపు ఇంకు వెలుతురుకి తొందరగా వెలిసిపోతుంది.

కాళహస్తి కలం:
అమ్మా, నీలం గుర్తుతో ఒకటి, లేకుండా ఒకటి, రెండు ప్రూఫులు తీయించి ఇక్కడ పెట్టండి. చూసి మాట్లాడదాం.