ఉజ్జీగా వచ్చిన పిల్ల ‘ఆటలో అరటిపండు’ అవుతుందా?

మాధవి (అనంతపురం): పిల్లల కోసం ఒక చిన్న కథ రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, పెద్దలు చెప్పండి. మా వైపు పల్లె. వేరుశనగ పీకేసిన చేను, వికెట్లుగా మూడు కందికట్టెలు, టెన్నిస్ బంతి. రోజూ పన్నెండు మంది మగపిల్లలు ఆడతారు. గంగ గట్టు మీద కూర్చుని కంపచెట్లలో పడిన బంతి తెచ్చి ఇస్తుంది, అంతే. ఒకరోజు ఒక పిల్లవాడు పెళ్ళికి వెళ్ళాడు, పదకొండు మందే మిగిలారు. ఇద్దరు నాయకులు పోగా నాలుగు ఉజ్జీలు కుదిరాయి, శీను ఒక్కడే మిగిలాడు. వాడికి ఉజ్జీగా గంగను పిలిచారు. ఇద్దరూ గోడ చాటుకు వెళ్ళి పేర్లు పెట్టుకుని, భుజాల మీద చేతులు వేసుకుని వచ్చారు. “చింతకాయ కావాలా, రేగుపండు కావాలా?” మొదటి నాయకుడు రేగుపండు అన్నాడు. రేగుపండు గంగ! వాడు ముఖం మాడ్చుకుని, “ఈ పిల్ల మాకు ఆటలో అరటిపండు, అవుటైనా లెక్క లేదు” అన్నాడు. ఇక్కడే నా సందేహం. ఈ మాట ఇక్కడ అతుకుతుందా?

సుజాత: అరటిపండు అంటే సులువు అని కదా అర్థం. ‘అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు’ అంటాం. ఆ పిల్లను సులువుగా అవుట్ చేయవచ్చని నాయకుడి భావం. ఉజ్జీ మాత్రం హిందీ మాట, వీలైతే మార్చండి.

రమణారెడ్డి (ప్రొద్దుటూరు): సుజాత గారూ, ఒలిచి పెట్టడం వేరే జాతీయం. ఎదుటివాడికి శ్రమ లేకుండా విడమరిచి చెప్పినప్పుడు ఆ మాట వాడతాం. ఆటలో అరటిపండు అంటే ఆటలో ఉన్నట్టే ఉండి లెక్కలోకి రానివాడు. ఏడుస్తున్నాడని చేర్చుకున్న తమ్ముడు పరుగెత్తుతాడు, అరుస్తాడు, పట్టుకున్నా ‘దొంగ’ కాడు. ఇక ఉజ్జీని హిందీ అనకండి. ‘ఉద్ది’ పాత తెలుగు మాటే. సాటి, జత అని నిఘంటువుల్లో ఉంది. మా చిన్నప్పుడు ‘ఉద్దీలు పడదాం’ అనేవాళ్ళం. పత్రికల్లో రోజూ చదివే ‘సమ ఉజ్జీలు’ కూడా అదే.

మాధవీ, నీ సందేహం సరైనదమ్మా. ఉజ్జీలు పడేది రెండు జట్ల బలం సమం చేయడానికి. గట్టివాడు గట్టివాడితో, బక్కవాడు బక్కవాడితో జత కడతారు. ఎవరు ఏ పేరో తెలియకుండా కోరుకోవాలి కాబట్టి మోసానికి చోటు లేదు. శీనుకు ఉజ్జీ అన్నప్పుడే గంగ వాడికి సాటి అని రెండు జట్లూ ఒప్పుకున్నాయి. రేగుపండు అని కోరుకున్న తరువాత అరటిపండు అనడం మాట తప్పడమే.

ఖాజా (కర్నూలు): మా అక్క కూడా ఇలాగే ఆడింది సార్. మా వీధిలో అరటిపండు అవుటైతే లెక్క లేదు, పరుగులు మాత్రం కలిపేవాళ్ళం. ఒకసారి మా అక్క అలా పద్దెనిమిది పరుగులు చేస్తే గొడవై ఆట ఆగిపోయింది. తరువాత ఆమెను పిలవలేదు.

సుజాత: అదెలా? అవుట్‌కు లెక్క లేనప్పుడు పరుగులకూ లెక్క ఉండకూడదు.

ఖాజా: మా వీధి పద్ధతి అది. ఇప్పటికీ నాకు అదే సరైనదనిపిస్తుంది. పరుగెత్తింది ఆమె కాళ్ళే కదా.

రమణారెడ్డి: దీనికి ఊరికో కట్టుబాటు ఉంటుంది, నేను తీర్పు చెప్పను. కానీ కథలో నాయకుడు ఆ మాట అనాల్సిందే మాధవీ, తీసేయవద్దు. అతకకపోవడంలోనే కథ ఉంది. ఉజ్జీ, అరటిపండు అనే ఈ రెండింటిలో తను ఏదో గంగే చెప్పాలి.

మాధవి: మాస్టారూ, మీ మాట చదివాక రాత్రి ఇలా రాశాను:

“రెండో బంతికే నడిమి కందికట్టె ఎగిరిపడింది. ‘నీకు లెక్క లేదులే, ఆడు’ అన్నాడు నాయకుడు. గంగ వంగి కట్టెను మళ్ళీ మట్టిలో గుచ్చింది. బ్యాటు దాని పక్కనే నేల మీద పెట్టింది. ‘నేను శీనుకు ఉజ్జీని. అవుటయ్యాను’ అని గట్టు వైపు నడిచింది.”

ఖాజా: ఇది చదివి మా అక్కకు ఫోను చేశాను. ఒకటే అడిగింది: మరునాడు పెళ్ళికి వెళ్ళినవాడు తిరిగి వస్తే మళ్ళీ పన్నెండు మందే కదా, గంగకు ఉజ్జీ ఎవరు?

మాధవి: ఎవరూ లేరు ఖాజా గారూ. అందుకే ఒక్కరోజు కథ అయింది. ఇంకో ఆడపిల్ల గట్టు మీదికి వస్తే ఇద్దరూ ఉజ్జీ అవుతారు. ఆ పిల్లను కథలోకి తేవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

రమణారెడ్డి: తెస్తే ముందు వాళ్ళ రహస్యపు పేర్లు పెట్టమ్మా. అరటిపండు మాత్రం పెట్టకు.