మతాన్ని వదిలినా ఆధ్యాత్మికత మిగులుతుందా? పిండం పెట్టనన్న తమ్ముడి గురించి

తూర్పువాకిలి:
మా నాన్నగారు పోయి ఆరు రోజులైంది. తలకొరివి పెట్టిన మా తమ్ముడు, పదోరోజు నుంచి పిండాలు మాత్రం పెట్టనంటున్నాడు. దేవుడున్నాడో లేడో తనకు తెలియదంటాడు, కానీ పదేళ్లుగా తెల్లవారుజామున గంటసేపు కళ్లు మూసుకుని కూర్చుంటాడు, తానూ ఆధ్యాత్మికుడినేనంటాడు. మతం లేని ఆధ్యాత్మికత అనేది ఉంటుందా? భక్తులైనవారు ఇలాంటివాణ్ణి ఏమని అనుకోవాలి?

గోదారిగట్టు:
అమ్మా, మీరు అనవసరంగా బాధపడుతున్నారు. దేవుణ్ణి నమ్మని దర్శనాలు మన సంప్రదాయంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. సాంఖ్యం సృష్టికర్త లేకుండానే ప్రకృతి పురుషుల లెక్క చెప్పింది. వేదకర్మలను నిలబెట్టిన మీమాంసకులు కూడా ఈశ్వరుడు అక్కరలేదన్నారు. చార్వాకుణ్ణి సైతం మనవాళ్లు వెలివేయలేదు. కాబట్టి మీ తమ్ముడు తనకు తెలియకుండానే సంప్రదాయంలోనే ఉన్నాడు. ఏమీ చేయకపోయినా దోషం లేదని చెప్పి మీ అమ్మగారిని ఊరడించండి.

పాతగ్రంథాలయం:
గోదారిగట్టు గారు సాంఖ్య మీమాంసల గురించి చెప్పింది నిజం. దాని నుంచి తీసిన ముగింపు మాత్రం తలకిందులుగా ఉంది.

నాస్తికుడు అంటే దేవుణ్ణి నమ్మనివాడని ఈనాడు మనం అనుకుంటున్నాం. మనుస్మృతి నాస్తికుణ్ణి వేదాన్ని నిందించేవాడిగా చెప్పింది. మీమాంసకుల్లో పేరుమోసిన కుమారిల భట్టు తన శ్లోకవార్తికంలో సృష్టికర్తను గట్టిగానే నిలదీశాడు. శరీరాలే లేనప్పుడు ఆయన ఏ శరీరంతో సృష్టికి పూనుకున్నాడు, ఏ కోరికతో పూనుకున్నాడు అన్నవి ఆయన ప్రశ్నల్లో ఉన్నాయి. అయినా కుమారిలుణ్ణి ఎవరూ నాస్తికుడనలేదు సరికదా, వైదికమార్గాన్ని నిలబెట్టినవాడని కీర్తించారు. ఎందుకంటే ఆయన ఈశ్వరుణ్ణి కాదన్నాడు గానీ కర్మను కాదనలేదు. ఆ లెక్కన తూర్పువాకిలి గారి తమ్ముడు "దేవుడున్నాడో లేడో తెలియదు" అన్నందుకు ప్రాచీన మీమాంసకుడు కనుబొమ కూడా ఎగరేయడు, పిండం పెట్టనన్నందుకు మాత్రం మండిపడతాడు.

రామాయణం అయోధ్యకాండలో జాబాలి ఘట్టం సరిగ్గా ఈ సందర్భానికే సరిపోతుంది. దశరథుడు పోయాక, చిత్రకూటంలో ఉన్న రాముణ్ణి వెనక్కి రప్పించడానికి జాబాలి చెప్పిన మాటల్లో శ్రాద్ధం ప్రస్తావన ఉంది. చచ్చినవాడు ఏం తింటాడు, అన్నం పాడు చేయడమే కదా, ఇక్కడ ఒకడు తింటే వేరొకడి కడుపు నిండేటట్లయితే ప్రయాణం పోయేవాడికి దారిబత్తెం కట్టడం దేనికి, ఇంట్లోనే వాడి పేర శ్రాద్ధం పెడితే సరిపోదా అంటాడు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకుతో అన్న మాటలివి. శాంతమూర్తి అయిన రాముడు కూడా దానికి మండిపడి, ఇలాంటి బుద్ధి ఉన్న నిన్ను చేరదీసిన మా నాన్నగారి పనినే నిందిస్తున్నానంటాడు. జాబాలి వెంటనే, తాను నాస్తికుణ్ణి కానని, నిన్ను మరలించడానికే అలా మాట్లాడానని వెనక్కి తగ్గుతాడు. సంప్రదాయం ఆ వాదాన్ని చెరిపివేయకుండా కావ్యంలోనే ఉంచిన మాట నిజమే కానీ, దాన్ని ఆమోదించిందనడం కుదరదు. చార్వాకం సంగతీ అంతే: సర్వదర్శనసంగ్రహంలో దానికి మొదటి అధ్యాయం దక్కింది, తరువాతివన్నీ దాన్ని దాటిపోవడానికే.

చిరునామాలేదు:
మతం లేదని రాసిస్తే పిల్లలకు కుల ధ్రువపత్రం వస్తుందా, రాదా అన్నది మొదట తేల్చుకోండి. మా బంధువుల అబ్బాయి దరఖాస్తులో మతం గడి ఖాళీగా వదిలేస్తే తిప్పి పంపారు.

పాతగ్రంథాలయం:
చిరునామాలేదు గారూ, ఇక్కడ దరఖాస్తు ఊసు లేదండీ. పదోరోజు ఘాటు దగ్గర ఏం చేయాలన్నదే ప్రశ్న.

పటమటవీధి:
విజయవాడ నాస్తిక కేంద్రం ఉన్న పేటలో పెరిగినవాణ్ణి కాబట్టి ఈ చర్చలో నా పక్షం దాచుకోను. నాకు "ఆధ్యాత్మికత" అన్న మాటతోనే పేచీ ఉంది. అందులో ఆత్మ ఉంది. ఆత్మను నమ్మనివాడు ఆ మాట వాడటమంటే, ఇల్లు ఖాళీ చేశానంటూ తాళంచెవి జేబులో పెట్టుకు తిరగడమే. "తెలియదు" అనడం కూడా నాకు అంతగా నచ్చదు.

ఆ కేంద్రాన్ని స్థాపించిన గోరా గారు 1944లో సేవాగ్రామ్‌లో గాంధీజీని కలిసినప్పుడు, దేవుడు లేనివాడితో ఏం మాట్లాడాలని గాంధీజీ నవ్వుతూ అడిగారట. నేను దేవుడు లేనివాణ్ణి కాను, నాస్తికుణ్ణి అన్నారట గోరా. దేవుడు లేడనడం వట్టి నిషేధం, లేడన్న తరువాత మనిషి ఎలా బతకాలో చెప్పేది నాస్తికత్వం అన్నది ఆయన వివరణ. దానికి ఆయన చూపిన ఉదాహరణ బెంగాల్ కరువు. కలకత్తాలో మిఠాయిలూ పండ్లూ పేర్చిన దుకాణాల పక్కనే ఆకలితో మనుషులు పడి చచ్చిపోయారు, చెయ్యి చాచి అందుకోలేదు. అంతా విధిరాత అన్న నమ్మకమే వాళ్ల చేతులు కట్టేసిందని ఆయన వాదన. గాంధీజీ ఒప్పుకున్నారని నేను చెప్పడం లేదు. తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనని, ఇద్దరం సత్యాన్ని వెదుకుతున్నామని మాత్రం అన్నారు.

మాటలతో ఆగలేదు కూడా. గోరా పెద్దకూతురు మనోరమకూ దళిత యువకుడైన అర్జునరావుకూ పెళ్లి నిశ్చయమైతే, తన ఆశ్రమంలో జరిపిస్తానన్న గాంధీజీ, ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికి ఒప్పుకున్నారు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిగేనాటికి ఆయన లేరు. రోజూ రెండు పూటలా ప్రార్థన చేసిన మనిషే తన ప్రమాణంలో అంత మార్పుకు సిద్ధపడ్డాడంటే, పదోరోజు మంత్రంలో మనం ఒక్క మాట కూడా కదపలేమా?

ఉదయపుగంట:
నేను గుంటూరు జిల్లాలోని క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. భక్తులు ఏమనుకోవాలని అడిగారు గనుక మా వైపు సంగతి చెబుతాను. మాలో ఒకే జవాబు లేదు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, ధర్మశాస్త్రం లేని అన్యజనులు కూడా స్వభావసిద్ధంగా దాని ప్రకారం నడిస్తే, ఆ ధర్మం వారి హృదయాలమీద రాసి ఉన్నట్టేనన్న అర్థం వచ్చే మాట ఉంది. కథోలికులు 1964లో రెండో వాటికన్ సభలో ఇంకో అడుగు వేసి, తమ తప్పు లేకుండా దేవుణ్ణి స్పష్టంగా తెలుసుకోలేకపోయినా మంచిగా బతకడానికి పాటుపడేవారికి రక్షణకు కావలసిన సహాయం దేవుడు నిరాకరించడని రాసుకున్నారు. మా సంఘంలో మాత్రం, క్రీస్తును ఒప్పుకోకుండా సత్క్రియలు ఎన్ని చేసినా రక్షణ లేదనే పెద్దలే ఎక్కువ.

నా మటుకు నాకు, లేడని తేల్చి చెప్పినవాడికంటే తెలియదన్నవాడితో కలిసి కూర్చోవడం సులువు. అయితే పటమటవీధి గారూ, ఒక మాట. మీకు ఆ "తెలియదు" నచ్చకపోవడం, మా పెద్దలకు నచ్చకపోవడం ఒకే రకంగా ఉన్నాయి. ఇద్దరూ వాణ్ణి ఏదో ఒక గట్టుకు చేర్చాలనే చూస్తున్నారు.

పటమటవీధి:
ఆ దెబ్బ తగిలిందని ఒప్పుకుంటాను. అయినా గంటసేపు కళ్లు మూసుకోవడాన్ని ఏకాగ్రత అనో, విశ్రాంతి అనో అంటే సరిపోదా?

పాతగ్రంథాలయం:
ఆ మాట విషయంలో మీరు తొందరపడ్డారు. గీత ఎనిమిదో అధ్యాయంలో "స్వభావో అధ్యాత్మమ్" అని ఉంది. ఉపనిషత్తుల్లో అధిదైవం అంటే దేవతలకు సంబంధించినది, అధ్యాత్మం అంటే మనిషిలోపలిది, అంటే కన్ను, చెవి, ఊపిరి, మనస్సు. సూర్యుడు అధిదైవమైతే కన్ను అధ్యాత్మం. ఆ పాత అర్థంలో, తన ఊపిరిని తాను గమనించుకుంటూ కూర్చున్నవాడు దేవుణ్ణి తలవకపోయినా అధ్యాత్మంలోనే ఉన్నాడు. ఈనాటి వాడుకలో ఆ అర్థం మాసిపోయిందన్నది వేరే సంగతి.

దూరప్రయాణికుడు:
నా అనుభవం చెబుతాను, ప్రశ్నకు ఎంత సరిపోతుందో మీరే చూడండి. దేవుడి మీద నమ్మకం పోయిన నాలుగేళ్లకు నేను హైదరాబాదులో పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. మతంతో సంబంధం లేదని చెబితేనే వెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొట్టేవారు, తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట లేదు. మొదటి మూడు రోజులు ముక్కుపుటాల దగ్గర తగిలే గాలిని గమనించడమే పని. మూడోరోజు మధ్యాహ్నం పై పెదవి మీద చీమ పాకినట్టు ఒక స్పర్శ తెలిసింది. చెయ్యి వేసి చూసుకుంటే చీమా లేదు, ఏమీ లేదు. ఇంతకాలం అది అక్కడే ఉంది, నేనే లేను అనిపించింది.

కానీ నిజాయితీగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదటిరోజు సాయంత్రమే బుద్ధ ధర్మ సంఘాలను శరణు కోరుతూ పాళీ మాటలు మాతో పలికించారు, పంచశీలాలు చేయించారు. రాత్రి ప్రసంగాల్లో సంస్కారాలు, గతజన్మల ప్రస్తావన వచ్చేవి. మతం లేదని చెప్పిన చోట కూడా మతం వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నేను ఆ మాటలను పక్కనపెట్టి అభ్యాసం మాత్రం తెచ్చుకున్నాను. అలా వేరుచేయవచ్చా అంటే, మా గురువు కుదరదంటారు, ఏడేళ్లుగా నా విషయంలో కుదురుతూనే ఉంది. మీ తమ్ముడు ఏ పద్ధతిలో కూర్చుంటున్నాడో అడిగి చూడండి, అది ఎక్కడో ఒక సంప్రదాయం నుంచే వచ్చి ఉంటుంది.

గోదారిగట్టు:
పాతగ్రంథాలయం గారు చెప్పాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. దోషం లేదని శాస్త్రం చెప్పలేదు. అయినా, నమ్మని కొడుకు చేత బలవంతంగా పెట్టించిన పిండంలో శ్రద్ధ ఎక్కడిది? శ్రద్ధతో చేసేది కాబట్టే అది శ్రాద్ధం అయింది. ఇది మాత్రం వెనక్కి తీసుకోను.

పాతగ్రంథాలయం:
శబ్దం వరకు మీరు సరిగ్గా చెప్పారు. ఆ శ్రద్ధ నమ్మకమా, పోయినవారి మీది ప్రేమా అన్నది నేను తేల్చలేను.

తూర్పువాకిలి:
అందరికీ నమస్కారం. నిన్న పదోరోజు అయిపోయింది. తమ్ముణ్ణి అడిగితే, అతడు నేర్చుకున్నదీ విపశ్యనేనని, శరణు మాటలు తాను కూడా పలికానని ఒప్పుకున్నాడు. అప్పుడు పలికినవాడివి ఇప్పుడెందుకు పలకవని అమ్మ అడిగింది. అతడు జవాబు చెప్పలేకపోయాడు.

పురోహితులు తగవు పెట్టలేదు. తమ్ముడు దర్భలు పెదనాన్నగారి అబ్బాయి చేతికిచ్చి, తన బదులు చేయమన్నాడు. పిండాల దగ్గర దూరంగానే నిలబడ్డాడు. ధర్మోదకాలకు జ్ఞాతులందరూ వరుసకట్టినప్పుడు మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి, దోసిట్లో నువ్వులూ నీళ్లూ పట్టుకున్నాడు. మంత్రం చెప్పలేదు, "నాన్నా" అని ఒక్కసారి అని నీళ్లు వదిలేశాడు. పురోహితులు మంత్రం ఆపి, అతడి చేతులు ఖాళీ అయ్యేదాకా ఆగి, మళ్లీ అందుకున్నారు. అమ్మ మాత్రం ఇంకా అతడితో మాట్లాడటం లేదు. రేపు పన్నెండోరోజు.