18 గేజ్ స్క్రూ ముక్కుపుడక చేయించాను, కానీ అమ్మాయి అడిగింది ఇది కాదట

అడిగినవారు, గుంటూరు:
మా అమ్మాయి డల్లాస్‌లో చదువుకుంటోంది. పది వారాల క్రితం అక్కడే ఎడమ వైపు ముక్కు కుట్టించుకుంది. సూదితో కుట్టి, లోపలి వైపు పలుచని బిళ్ళ ఉండే టైటానియం పుడక పెట్టారు. డిసెంబరులో మా ఇంట్లో పెళ్ళి ఉంది. అప్పటికి ఏడు రాళ్ళ ముక్కుపుడక చేయిస్తానంటే, "18 గేజ్, స్క్రూ రకం అని చెప్పమ్మా" అంది. నేను కంసాలి గారికి అదే మాట అప్పజెప్పాను. ఆయన 22 క్యారెట్ల బంగారంతో, కాడకు మర తిప్పి, లోపల బిగించే చిన్న బిళ్ళతో చక్కగా చేసి ఇచ్చారు. ఫొటో చూసిన అమ్మాయి, తాను చెప్పిన స్క్రూ ఇది కాదనీ, కాడ కూడా లావుగా ఉందనీ అంటోంది. పొరపాటు ఎవరిదో తెలియడం లేదు. దీన్ని ఇలాగే పెట్టుకోవచ్చా?

ఒక సభ్యురాలు, రాజమహేంద్రవరం:
పెట్టుకోవచ్చండీ. 22 క్యారెట్ల బంగారం ఒంటికి పడనిదంటూ ఉండదు. కాడ కాస్త లావైతే కొబ్బరినూనె రాసి మెల్లగా తోస్తే అదే దిగుతుంది. మర తిప్పడం కష్టమనుకుంటే, కాడ చివర చిన్న పూస ఉండే బోన్ రకం చేయించండి. ఒక్క నొక్కుతో లోపలికి పోతుంది, మళ్ళీ ఊడిరాదు.

ముక్కు, చెవులు కుట్టే పనిలో ఉన్న సభ్యురాలు, హైదరాబాద్:
దయచేసి నూనె రాసి తోయకండి. పై సలహాలో బంగారం మాట సగం నిజం. మేలిమి బంగారం ఒంటికి పడకపోవడం అరుదే. కానీ 22 క్యారెట్ల కాడ మెత్తగా ఉండి త్వరగా గీతలు పడుతుంది, వంగుతుంది. ఆ గీతలు మానని పుండును గీరుతూనే ఉంటాయి. అందుకే కాడ వరకైనా నికెల్ కలవని 18 లేదా 14 క్యారెట్ల బంగారం మేలు.

ఇక అసలు విషయానికి వస్తే, మీరు గానీ మీ కంసాలి గారు గానీ తప్పు చేయలేదు. ఒకే మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు ఉన్నాయి. మన దగ్గర స్క్రూ అంటే మర తిప్పిన కాడ, దానికి బిగించే బిళ్ళ. అమెరికాలో ముక్కు స్క్రూ అంటే మర అసలే ఉండని నున్నని తీగ. దాని చివరను చిన్న సుడిలా వంచుతారు. దాన్ని తిప్పుతూ లోపలికి ఎక్కిస్తే ఆ వంపు ముక్కు లోపలి గోడకు ఆనుకొని పుడకను నిలబెడుతుంది. మర ఉన్న కాడను పుండులోంచి లాగితే ప్రతి చుట్టూ సన్నని ఆకురాయిలా లోపలి కొత్త చర్మాన్ని గీస్తుంది. పూర్తిగా మానిన ముక్కుకు ఆ బాధ ఉండదు, పది వారాల ముక్కుకు ఉంటుంది.

గేజ్ సంగతీ అలాంటిదే. అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందన్నది అందరికీ తెలిసిందే, కానీ కొలపద్ధతులు రెండున్నాయి. అక్కడి పుడకల్లో 18 అంటే సుమారు 1 మిల్లీమీటరు. మన దేశంలో తీగలకు ఎక్కువగా వాడే ఎస్.డబ్ల్యు.జి. కొలతలో 18 అంటే 1.2 మిల్లీమీటర్లు. బెజ్జం 1 ఉన్నచోట 1.2 తోస్తే లోపల చిన్న చీలిక పడి, మానడం మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి గేజ్ అంకె చెప్పకుండా, కాడ లావు 1 మిల్లీమీటరు అని చెప్పి, వెర్నియర్‌తో కొలిపించుకోండి.

బోన్ రకం మాత్రం ఈ దశలో వద్దు. చివరి పూస కాడకంటే లావుగా ఉంటుంది కాబట్టి దిగేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు మరొకసారి బెజ్జాన్ని సాగదీస్తుంది. తీసినప్పుడు చిన్న రక్తపు చుక్క కనిపించిందంటే లోపల చిరిగిందని అర్థం.

ఒక సభ్యురాలు, నల్లగొండ:
నాకు బోన్ రకమే ఉంది. గన్‌తో కుట్టించుకొని రెండు నెలలైంది. బెజ్జం పక్కన ఎర్రని బొడిపె లేచింది. ఎల్ ఆకారపుది మార్చుకుంటే పోతుందా? రోజూ పసుపు రాస్తున్నాను, పుడకను తిప్పుతున్నాను.

హైదరాబాద్ సభ్యురాలు:
మీ సమస్య వేరమ్మా. ముందు తిప్పడం, పసుపు రాయడం మానండి. పసుపు పొడి బెజ్జంలో చేరి గట్టిపడి పుండును రేపుతుంది. రోజుకు రెండుసార్లు స్టెరైల్ సెలైన్ స్ప్రే చేసి, మెత్తని కాగితంతో తడి అద్దితే చాలు. బొడిపె బెజ్జం అంచు వరకే ఉంటే చాలాసార్లు ఒరిపిడి వల్ల వచ్చిందై ఉంటుంది. అంచు దాటి పాకుతూ పెరిగితే కెలాయిడ్ కావచ్చు, చర్మవైద్యులకు చూపించండి. ఎర్రదనం చుట్టూ వ్యాపించినా, వేడిగా ఉండి చిక్కని చీము కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే వైద్యుల దగ్గరకు వెళ్ళండి. పుడకను మాత్రం మీ అంతట మీరు తీయకండి. పైన బెజ్జం మూసుకుపోతే చీము లోపలే నిలిచిపోతుంది.

కంసాలి పని చేసే సభ్యుడు, నరసాపురం:
అమ్మా, మర కాడను మేము ఊరికే చేయం. ఏడు రాళ్ళ పుడకకు తల బరువు ఎక్కువ. ఎల్ ఆకారంలో వంచి ఇస్తే తల కిందికి వాలుతుంది, కాడ లోపల తిరిగిపోతుంది, నిద్రలో జారిపోతుంది. జారిన బంగారాన్ని వెతుక్కుంటూ వచ్చినవారిని ఎందరినో చూశాను. ఒంటి రాయి పుడకకైతే ఎల్ సరిపోతుంది.

హైదరాబాద్ సభ్యురాలు:
అన్నగారు చెప్పిన బరువు మాటతో ఏకీభవిస్తాను. అందుకే ఏడు రాళ్ళకు ఎల్ కంటే సుడి వంపు నయం. అది గోడను పట్టుకొని తల తిరగకుండా కాస్త ఆపుతుంది. అయితే మర బిళ్ళకూ ఒక ప్రమాదం ఉంది. అది వదులై లోపలికి రాలి, శ్వాసతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయిన సంఘటనలు ఉన్నాయి. అలాంటప్పుడు గొట్టం పంపి వైద్యులే తీయాలి. మర పుడక పెట్టుకునేవారు పడుకునే ముందు బిళ్ళను వేలితో తడిమి చూసుకోవాలి, తీసేటప్పుడు తల ముందుకు వంచుకోవాలి.

నరసాపురం సభ్యుడు:
సుడిలా వంచితే మెత్తని బంగారంలో ఆ వంపు నిలవదు, విచ్చుకుపోతుంది. 18 క్యారెట్లలో చేస్తేనే నిలుస్తుంది. ఎడమ ముక్కుకు ఒక వైపు, కుడి ముక్కుకు మరో వైపు వంపు రావాలి, ఆ మాట ముందే చెప్పాలి. నా వరకు మానిన ముక్కుకు మరకు మించినది లేదు.

అడిగినవారు, గుంటూరు:
అమ్మాయితో మాట్లాడాను. మొదట పెట్టిన పుడక పొడవు 8 మిల్లీమీటర్లట. వాపు తగ్గాక ఆరో వారంలో 6.5 కు మార్చారట. మరి కొత్త కాడ పొడవు ఎంత చెప్పాలి?

హైదరాబాద్ సభ్యురాలు:
తల అడుగు నుంచి వంపు మొదలయ్యే వరకు ఆ 6.5 నే చెప్పండి. కురచగా ఉంటే తల చర్మంలోకి నొక్కుకుపోతుంది, పొడవైతే వంపు వేలాడి ముక్కు రంధ్రంలోంచి కనిపిస్తుంది. ముక్కు మానడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. డిసెంబరుకు ఆమెకు నాలుగు నెలలే నిండుతాయి. కాబట్టి మార్చేటప్పుడు కుట్టేవారి దగ్గరే మార్పించండి. తీసిన బెజ్జం కొద్ది నిమిషాల్లోనే బిగుసుకోవచ్చు, వారి దగ్గర దారి చూపే సన్నని కడ్డీ ఉంటుంది.

అడిగినవారు, గుంటూరు:
కంసాలి గారు తలను అలాగే ఉంచి, మర కాడ తీసేసి 18 క్యారెట్ల నున్నని కాడ అతుకుతానన్నారు. 1 మిల్లీమీటరు లావు, 6.5 పొడవు, ఎడమ ముక్కుకు సుడి వంపు అని కాగితం మీద రాసి ఇచ్చాను. అతుకులో వాడే టాంకం చర్మానికి తగిలితే పడకపోవచ్చా అన్న సందేహం మాత్రం మిగిలింది.

నరసాపురం సభ్యుడు:
అతుకు తల అడుగునే, బయటి వైపు ఉండాలి, బెజ్జంలోకి రాకూడదు. టాంకంలో కాడ్మియం లేదు కదా అని ఆయనను తప్పక అడగండి. అతికాక ఆ చోటును వేలి గోటితో రాసి చూడండి. గోరు ఎక్కడ తట్టుకున్నా మళ్ళీ మెరుగు పట్టించమనండి.