కారం లేనిదే తినని పెద్దాయనకూ, కారం సోకితే తినని పాపకూ ఒకే వంట కుదురుతుందా?

మూడుపూటలు: మా ఇంట్లో నలుగురం ఉన్నాము. మా వారికి కళ్ళలో నీళ్ళు తిరిగితే తప్ప కూర తిన్నట్టుండదు. ఆరేళ్ళ పాప మాత్రం నాలుకకు మంట తగలగానే కంచం పక్కకు నెట్టేస్తుంది. రోజూ రెండు కూరలు వండడం ఇక నా వల్ల కావడం లేదు. అందరికీ చప్పగా వండి ఆయన కంచంలో కారప్పొడి చల్లితే పచ్చివాసన వస్తోందంటున్నారు. కారం వేసిన కూరలోంచి పాప వాటా తీసి నీళ్ళు కలిపితే కూర పలచబడిందే గానీ మంట తగ్గలేదు. వారమంతటికీ పనికొచ్చే పద్ధతి ఏదైనా చెప్పగలరా?

నిప్పుసెగ: మిరపకాయల గింజలు తీసేసి వాడండి. మంటంతా గింజల్లోనే ఉంటుంది కాబట్టి ఇద్దరికీ సరిపోతుంది.

పాతగరిటె: గింజలు తీస్తే మంట తగ్గే మాట నిజమే గానీ కారణం అది కాదు. కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలోనే మంట ఎక్కువగా ఉంటుంది, గింజలకు అది అక్కణ్ణుంచే అంటుతుంది. ఆ భాగాన్ని గీకి తీసేసినా ఈ పాపకు కారంగానే ఉండవచ్చు, ఆయనకేమో చప్పగా అయిపోతుంది.

అడిగిన విషయానికి వస్తే, మిరప మంట నీటిలో దాదాపుగా కరగదు, నూనెలో కరుగుతుంది. మీరు కలిపిన నీళ్ళు పని చేయకపోవడానికీ, పైన చల్లిన పొడి కూరలో కలవకపోవడానికీ కారణం అదే. అందుకని కారాన్ని ముందుగానే నూనెలోకి దింపి విడిగా ఉంచుకోండి. నాలుగు పెద్ద చెంచాల నూనె కాచి, పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి చిటికెడు కారప్పొడి వేసి చూడండి. సన్నగా నురగ కట్టి ఎర్రగా ఉంటే వేడి సరిపోయినట్టు. వెంటనే నల్లబడితే ఇంకాసేపు ఆగాలి, ఎందుకంటే మాడిన కారం చేదెక్కుతుంది, ఆ చేదును తీయడం ఎవరి తరమూ కాదు. సరిపోయాక రెండు చిన్న చెంచాల పొడి వేసి కలపండి. పప్పు, వేపుడు, గుడ్లు, చారు వంటివి ఉప్పూ పసుపుతో అందరికీ కలిపి వండి, ఆయన వాటాలో ఈ నూనె ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి కలపండి.

మాంసం వంటి వాటికి ఇది అంతగా నప్పదు, కారం ముక్కతోపాటు ఉడికితేనే రుచి పడుతుంది. ఆ రోజున ఉల్లిపాయ, టమాటా మగ్గి ముక్కలు సగం ఉడికాక పాప వాటా చిన్న గిన్నెలోకి తీసి, మిగిలినదానిలో కారం వేసి, రెండింటినీ విడివిడిగా చివరిదాకా ఉడికించండి. వారంలో ఐదు రోజులు మొదటి రకం, రెండు రోజులు రెండో రకం పెట్టుకుంటే రెండు కూరల శ్రమ తప్పుతుంది.

పచ్చిమడి: మా అబ్బాయి అసలు కూరగాయలే ముట్టడు, కారం ఉన్నా లేకపోయినా అంతే. వాడికి కూడా ఈ నూనె పద్ధతి పనిచేస్తుందా?

పాతగరిటె: మీది వేరే సమస్యండీ, దానికి కారంతో సంబంధం లేదు.

నిప్పుసెగ: ఆ నూనెలో పచ్చి వెల్లుల్లి దంచి వేసి నెలంతా సీసాలో ఉంచుకుంటే ఇంకా బాగుంటుంది కదా?

పాతగరిటె: దయచేసి అలా చేయవద్దు. తేమ ఉన్న పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగి బయట ఉంటే, గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన క్రిమి విషం తయారుచేయగలదు, వాసనను బట్టి దాన్ని పసిగట్టలేము. వెల్లుల్లి కావాలంటే ఆ పూటకు ఆ పూట వేసుకోండి. ఉత్త కారం నూనెను కూడా పొడి చెంచాతోనే తీస్తూ, కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో ఉంచి వారంలో వాడేయడం నా అలవాటు.

మూడుపూటలు: నాలుగు రోజులు చేసి చూశాను. మా వారు మెచ్చుకున్నారు. పాప మూడు రోజులు మాట్లాడకుండా తిన్నది, నిన్న మాత్రం మళ్ళీ మంట అన్నది. వెతికితే తేలిందేమిటంటే, ఆయన కూర కలిపిన గరిటెతోనే పాపకు వడ్డించాను.

పాతగరిటె: గరిటె సంగతి మొదటే చెప్పవలసింది, నాదే పొరపాటు. దానికి అంటిన నూనెలోనే మంట ఉంటుంది గనుక ఉత్త నీళ్ళతో కడిగితే పోదు, సబ్బు పెట్టాలి. మిరియాలు, అల్లం కూడా వేస్తున్నారేమో చూడండి; అవి మిరప కాకపోయినా పిల్లల నాలుకకు మంటగానే తెలుస్తాయి.

మూడుపూటలు: అల్లం వేస్తున్న మాట నిజమే. రేపు మానేసి చూస్తాను. పాపకు వారానికి ఒక్కో చుక్క చొప్పున కారం అలవాటు చేయమని మా అత్తగారు అంటున్నారు, చేయవచ్చా?

నిప్పుసెగ: తప్పకుండా చేయండి, మా పిల్లలకు అలాగే అలవాటైంది.

పాతగరిటె: కొందరికి అలవాటవుతుంది గానీ, తెలియకుండా కలిపితే మీరు వడ్డించే ప్రతిదాన్నీ పాప అనుమానిస్తుంది. నేనైతే కారం నూనె గిన్నెను బల్ల మీద ఆమెకు కనబడేలా పెట్టి, అడిగితేనే వేస్తాను.