డ్రాఫ్టులో పేరాలు ఎటు పడితే అటు పోతున్నాయి, రివర్స్ అవుట్‌లైన్ ఎలా వేయాలి?

శ్రావణి:
అందరికీ నమస్కారం. బహిరంగ గ్రంథాలయాల మీద వ్యాసం రాశాను. 11 పేరాలు, సుమారు 1,600 పదాలు వచ్చాయి. 1,200 దాటకూడదు. చదివినవాళ్లు "బాగుంది కానీ ఏం చెప్పదలుచుకున్నావో తెలియలేదు" అన్నారు. మొదటి పేరా చివర నా థీసిస్ వాక్యం ఇది: "గ్రంథాలయాలు సమాజానికి ఎంతో అవసరం." రివర్స్ అవుట్‌లైన్ వేసి పేరాలు మార్చుకోమని సలహా వచ్చింది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

కిరణ్:
ముందు మంచి ప్లాన్ వేసుకోండి. పరిచయం, మూడు పాయింట్లు, ముగింపు. పాయింట్‌కి రెండు ఉదాహరణలు పెట్టుకుని రాసుకుంటూ పోతే దారి తప్పదు.

పద్మావతి:
కిరణ్ గారూ, మీరు చెప్పింది రాయక ముందు వేసుకునే ప్లాన్. శ్రావణి అడిగింది రాసేశాక వేసేది. ఇప్పుడు కొత్త ప్లాన్ వేస్తే రాసిన పేరాలను బలవంతంగా అందులో ఇరికించాల్సి వస్తుంది. ముందు కాగితం మీద నిజంగా ఏముందో తెలియాలి.

శ్రావణీ, పేరాలకు 1 నుంచి 11 వరకు నంబర్లు వెయ్యి. పక్కన ఇంకో కాగితం పెట్టుకుని ఒక్కో పేరాకు ఒక్క వాక్యం రాయి. అది క్రియ ఉన్న పూర్తి వాక్యమే అయ్యుండాలి. "వేళలు" అని రాస్తే ఉపయోగం లేదు, ఎందుకంటే వేళల గురించి ఆ పేరా ఏమంటోందో అందులో లేదు. "ఇప్పటి వేళల్లో ఉద్యోగం చేసేవాళ్లు రాలేరు" అని రాస్తే అది ఒక మాట అన్నట్టు. ఆ వాక్యం కింద ఆ పేరా చేస్తున్న పనిని కూడా రెండు మూడు మాటల్లో రాయి: కారణం చెబుతోందా, ఉదాహరణ ఇస్తోందా, ఎదుటివాళ్ల అభ్యంతరానికి జవాబిస్తోందా అని.

ఇంకో జాగ్రత్త. నువ్వు అనుకున్నది కాదు, పేరాలో ఉన్నదే రాయాలి. ఇక్కడే అందరూ జారిపోతారు. రాసినవాళ్లకు మనసులో ఉన్న మాట పేరాలో కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే ఆఖరి పేరా నుంచి వెనక్కి వస్తూ రాస్తే మేలు. కథ నడిచే వరుస తెగిపోతుంది కాబట్టి ఒక్కో పేరా విడిగా కనబడుతుంది.

వెంకట్:
అంత శ్రమ ఎందుకండీ? ఒక్కో పేరాలో మొదటి వాక్యం కాపీ చేసి కింద కింద పేర్చితే అదే అవుట్‌లైన్ అయిపోతుంది. పది నిమిషాల పని.

పద్మావతి:
వెంకట్ గారు చెప్పింది చివరి తనిఖీకి బాగా పనికొస్తుంది. సర్దడం అయ్యాక మొదటి వాక్యాలు మాత్రమే వరసగా చదివితే వాదన అర్థం కావాలి. కానీ ఇలాంటి డ్రాఫ్టుకు మొదట్లోనే ఆ పని చేస్తే మోసపోతాం. రాస్తూ రాస్తూ ఆలోచించిన పేరాల్లో అసలు మాట తరచుగా చివరి వాక్యంలో ఉంటుంది. మొదటి వాక్యం ఆ ఆలోచనకు దారి మాత్రమే.

శ్రావణి:
వెనక నుంచి మొదలుపెట్టి రాశాను. ఇక్కడ వరుసలో పెడుతున్నాను.

1. పుస్తకాలు మనిషిని మారుస్తాయి, గ్రంథాలయాలు అవసరం.
2. పిల్లలకు చిన్నప్పుడే చదివే అలవాటు చెయ్యాలి.
3. పది నుంచి ఐదు వరకే తెరిస్తే ఉద్యోగులు, కాలేజీ విద్యార్థులు రాలేరు. రాత్రి తెరిస్తే కరెంటు ఖర్చు పెరుగుతుందని అంటారు.
4. ఫోన్లలో పుస్తకాలు వచ్చినా కాగితం పుస్తకం పోదు.
5. ఇంట్లో విడిగా చోటు లేని విద్యార్థులకు సాయంత్రం చదువుకోవడానికి వేరే దారి లేదు.
6. సాయంత్రం తెరవాలంటే సిబ్బంది, కాపలా ఖర్చు పెరుగుతుందనే అభ్యంతరం ఉంది.
7. గంటలు పెంచక్కర్లేదు, ఉదయం గంటలు తగ్గించి సాయంత్రానికి మార్చితే చాలు.
8. ఉద్యోగం చేసేవాళ్లకు పగలు వీలు కాదు.
9. చాలా పుస్తకాలు పాతబడ్డాయి.
10. ఉదయం వచ్చే పెద్దవాళ్లకు ఇబ్బంది కలగవచ్చు.
11. కాబట్టి వేళలు మార్చాలి.

3వ దానికి ఒక్క వాక్యంలో రాయడం కుదరలేదు.

పద్మావతి:
కుదరకపోవడమే నీకు కావాల్సిన సమాచారం. ఒక్క వాక్యంలో ఇమడని పేరాలో రెండు పేరాలు ఉన్నాయని అర్థం. 3, 8 పక్కపక్కన పెట్టి చూడు, రెండూ ఒకటే మాట.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. నీ వ్యాసం ఏం వాదిస్తోందో 7లో ఉంది, 1లో కాదు. "గ్రంథాలయాలు అవసరం" అంటే కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, దాని కింద ఏ పేరా పెట్టినా పొసుగుతుంది. అందుకే 2, 4, 9 కూడా లోపలికి వచ్చేశాయి. థీసిస్ ఇలా మార్చి చూడు: "పనిచేసేవాళ్లకూ చదువుకునేవాళ్లకూ తీరిక దొరికేది సాయంత్రమే కాబట్టి గ్రంథాలయాలు తెరిచే గంటలు పెంచడం కన్నా వాటిని సాయంత్రానికి మార్చడం మేలు."

తర్వాత ఒక్కో వాక్యాన్నీ దీనికి "ఎందుకంటే" అని తగిలించి చదువు. వేళలు సాయంత్రానికి మార్చాలి, ఎందుకంటే ఇంట్లో చోటు లేని విద్యార్థులకు అప్పుడు వేరే దారి లేదు. అతుకుతోంది. వేళలు సాయంత్రానికి మార్చాలి, ఎందుకంటే కాగితం పుస్తకం పోదు. అతకలేదు. అభ్యంతరాలు చెప్పే పేరాలకు "అయినా సరే" అని తగిలించాలి. ఈ రెండిటిలో దేనికీ అతకని పేరాలను తీసి వేరే ఫైల్లో దాచుకో. చెరిపెయ్యకు. చెరపాలంటే చెయ్యి రాదు, దాచాలంటే వస్తుంది.

వెంకట్:
థీసిస్‌ని ముందే గురువుగారికి చూపించి ఒప్పించుకుని ఉంటే? అప్పుడు పేరాలకు తగ్గట్టు థీసిస్ మార్చడం కుదరదు కదా. పేరాలే మార్చుకోవాలి.

పద్మావతి:
నిజమే. థీసిస్ ఖరారైపోతే దానికి అతకని పేరాలు ఎంత బాగున్నా పక్కకు పోవాల్సిందే. కానీ సగానికి పైగా అతకకపోతే మాత్రం మళ్లీ వెళ్లి అడగడమే నయం. శ్రావణి విషయంలో అంశమే ఇచ్చారు, థీసిస్ ఇవ్వలేదనుకుంటాను.

శ్రావణి:
అవును, అంశమే ఇచ్చారు. 2, 4, 9 తీసేశాను, 8ని 3లో కలిపాను. 1,150 పదాల దాకా దిగింది. ఇక వరుస సంగతి చెప్పండి. 6 తర్వాత 7 ఉంది కదా, అభ్యంతరం చెప్పి జవాబు ఇచ్చినట్టు బాగానే ఉందనిపించింది.

పద్మావతి:
వరుస తేల్చడానికి ఒక్కో పేరా దగ్గర ఒకటే ప్రశ్న వేసుకో: ఇది అర్థం కావాలంటే పాఠకుడు ముందుగా ఏ పేరా చదివి ఉండాలి?

సాయంత్రం ఎవరికి తీరిక ఉంటుందో 3 చెబుతుంది. ఆ తీరికలో ఇల్లు ఎందుకు చాలదో 5 చెబుతుంది. ఆ రెండూ తెలిశాకే వేళలు మార్చాలన్న 7 న్యాయంగా తోస్తుంది. కాబట్టి 3, 5, 7. ఇప్పుడు నీ 6 చూడు. సాయంత్రం తెరిస్తే ఖర్చు పెరుగుతుందన్నది ఎవరి అభ్యంతరం? గంటలు పెంచమన్నవాళ్లకు ఎదురయ్యేది. నువ్వు పెంచమనడం లేదు. 7 కన్నా ముందు 6 పెడితే, నువ్వు అడగని దానికి పాఠకుడు లెక్కలు వేసుకోవడం మొదలుపెడతాడు. 7 తర్వాత పెడితే "మొత్తం గంటలు పెరగవు కాబట్టి సిబ్బంది ఖర్చు పెద్దగా మారదు, దీపాలకూ కాపలాకూ అయ్యేదే అదనం" అని రెండు వాక్యాల్లో తేలిపోతుంది. 3లోంచి విడదీసిన కరెంటు మాట కూడా అక్కడికే చేరుతుంది. 10 కూడా 7 తర్వాతిదే, ఉదయం గంటలు తగ్గిస్తామన్నాకే పెద్దవాళ్ల ఇబ్బంది వస్తుంది.

అంటే 1, 3, 5, 7, 6, 10, 11. ఇంకో సంగతి, 7కూ 6కూ మధ్య ఒక పేరా లోటుంది. ఉదయం గంటలు తగ్గించవచ్చు అంటున్నావు, ఉదయం ఎంతమంది వస్తున్నారో ఎక్కడా రాయలేదు. అప్పుడు గది నిండుగా ఉంటే నీ వాదన నిలవదు. రివర్స్ అవుట్‌లైన్ వల్ల ఇలాంటి ఖాళీ కూడా బయటపడుతుంది. నీకు దగ్గరలోని గ్రంథాలయంలో ఏ గంటలో ఎంతమంది వస్తున్నారో అడిగి తెలుసుకో. 50 పదాలు మిగిలాయి కాబట్టి ఆ పేరా చిన్నదిగానే ఉండాలి.

నస్రీన్:
నేను చేత్తోనే రాస్తాను. నాలాంటివాళ్లు పేరాలు ఎలా జరపాలి? తిరగరాయడమేనా?

పద్మావతి:
కాగితానికి ఒక వైపే రాసి, పేరాలను కత్తెరతో విడదీసి నేల మీద పరచండి. వరుస కుదిరాక పిన్ను కొట్టండి. తిరగరాయడం ఒక్కసారితో సరిపోతుంది.

వెంకట్:
Wordలో అయితే పేరాలో కర్సర్ పెట్టి `Alt+Shift+↑` లేదా `Alt+Shift+↓` కొడితే పేరా మొత్తం కదులుతుంది. లేదా అవుట్‌లైన్ వాక్యాన్ని ప్రతి పేరా మీద పెట్టి `Heading 1` ఇవ్వండి. `View`లో `Navigation Pane` టిక్ చేస్తే ఎడమవైపు ఆ వాక్యాలు మాత్రమే కనబడతాయి. అక్కడ ఒక శీర్షికను లాగితే దాని కింది పేరా కూడా వెంట వస్తుంది. పని అయ్యాక శీర్షికలు తీసెయ్యాలి. పాత డ్రాఫ్టును ముందే వేరే పేరుతో సేవ్ చేసుకోండి.

పద్మావతి:
ఇది చాలా మంచి పద్ధతి, వెంకట్ గారూ.

జరిపాక వచ్చే చిక్కు ఒకటుంది. పేరా మొదట్లోని "పైన చెప్పినట్టు", "ఈ అభ్యంతరానికి", "అందువల్ల" లాంటి మాటలు పాత పొరుగు పేరాను చూపిస్తూనే ఉంటాయి. శ్రావణీ, నీ 7 ఎలా మొదలవుతోంది?

శ్రావణి:
"అయితే దీనికి ఒక పరిష్కారం ఉంది."

పద్మావతి:
అక్కడ "దీనికి" అంటే 6లోని ఖర్చు. ఇప్పుడు 7కు ముందు 5 వచ్చింది కాబట్టి "దీనికి" అంటే ఇంట్లో చోటు లేకపోవడం అవుతుంది. అర్థమే మారిపోయింది, కానీ చదివేటప్పుడు నాలుకకు తగలదు. ఆ వాక్యాన్ని "సాయంత్రం చోటు కావాల్సినవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు, ఉన్న గంటలనే అటు మార్చవచ్చు" అని రాయి. జరిపిన ప్రతి పేరాకూ మొదటి వాక్యం, దాని ముందున్న పేరా చివరి వాక్యం, ఈ రెండూ కలిపి చదివి సరిచెయ్యి.

కిరణ్:
ఇప్పుడర్థమైంది. అయితే 10వ పేరా చివర్లో పెట్టడం నాకు నచ్చలేదు. పెద్దవాళ్ల ఇబ్బంది చదివి వెంటనే ముగింపులోకి వెళ్తే పాఠకుడికి అదే గుర్తుండిపోతుంది. దాన్ని ముందు తేల్చేసి, ఖర్చు మాట తర్వాత పెట్టాలి.

పద్మావతి:
అదీ సబబే. ఖర్చుకు గట్టి జవాబుంది, పెద్దవాళ్ల ఇబ్బందికి ఉన్న జవాబు కాస్త బలహీనం. నేనైతే కష్టమైనదాన్ని చివర్లో ఎదుర్కొంటాను, దాచినట్టు కనిపించకూడదని. రెండు వరుసల్లోనూ ఒకసారి పైకి చదివి చూసుకో శ్రావణీ.

శ్రావణి:
రెండు కాపీలు చేసుకున్నాను. ఉదయం వచ్చేవాళ్ల లెక్క దొరికాక 10లో ఏం రాయాలో కూడా మారేలా ఉంది, ఒకవేళ ఉదయం వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లే అయితే. రేపు వెళ్లి అడిగి, ఆ పేరా రాసి, మొదటి వాక్యాల జాబితా ఇక్కడ పెడతాను.