ఎస్ప్రెస్సో మెషిన్, కెటిల్‌లో నిమ్మఉప్పు: నెలకోసారా, పొర కనిపించినప్పుడా?

పానగల్లు_పవన్
నల్గొండలో అద్దెకుంటున్నాం, ఇంట్లో బోరు నీళ్ళే. నెల తిరిగేసరికి కెటిల్ అడుగంతా తెల్లబడుతోంది. ఈమధ్య చిన్న ఎస్ప్రెస్సో మెషిన్ కూడా తెచ్చుకున్నాం. నిమ్మఉప్పుతో ఎన్నాళ్ళకోసారి కడగాలి? నెలకోసారి తప్పదని ఒకరంటారు, ఊరికే యాసిడ్ పోస్తే మెషిన్ లోపల తినేస్తుందని ఇంకొకరంటారు.

బోరు_శీను
ఇందులో అంత ఆలోచించేదేం లేదన్నా. టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కో, చవకే. ఐదొందలు దాటితే నెలకోసారి, అంతకన్నా తక్కువైతే మూడు నెలలకోసారి. కెటిల్ నిండా నీళ్ళు పోసి, చెంచాడు నిమ్మఉప్పు వేసి, స్విచ్ వేసి బాగా మసలనివ్వు, పారబోసి కడుక్కో. మెషిన్‌కీ అంతే, ట్యాంకులో చెంచాడు వేసి తిప్పెయ్. మా ఇంట్లో ఎప్పటినుంచో ఇదే పద్ధతి.

మిర్యాలగూడ_మేడమ్
శీనూ, నెలకోసారి అనేది పవన్ వాళ్ళ కెటిల్‌కి సరిపోవచ్చు కానీ నువ్వు చెప్పిన కారణం సరికాదు. నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతున్నాయో టీడీఎస్ చెబుతుంది, అందులో సోడియం కూడా ఉంటుంది. సోడియం ఉప్పులు కెటిల్‌కి పొర కట్టవు. పొర కట్టేది కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు. కాగితే అవి విడిపోయి ఎక్కువగా సున్నపురాయిలాంటి కాల్షియం కార్బొనేట్‌గా అడుగున అంటుకుంటాయి. మన జిల్లాలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఫ్లోరైడ్ ఎక్కువుండే నీళ్ళలో సాధారణంగా కాల్షియం తక్కువ, సోడియం ఎక్కువ. అంటే పక్కపక్క బోర్లు రెండింటికీ మీటరు ఏడొందలే చూపించినా ఒక ఇంట్లో కెటిల్ నెలకే తెల్లబడుతుంది, ఇంకో ఇంట్లో ఆరు నెలలైనా మెరుస్తూనే ఉంటుంది. మీటరు కన్నా చుక్కలు వేసి చూసే హార్డ్‌నెస్ కిట్ నయం. అదీ లేకపోతే కెటిల్ అడుగే చెబుతుంది.

ఇక చెంచాడు సంగతి. పవన్, మీ నీళ్ళలో పొర కట్టే కాఠిన్యం లీటరుకి 300 మిల్లీగ్రాములు అనుకుందాం. రోజుకి ఐదు లీటర్లు కాస్తే అందులో ఉన్నది గ్రామున్నర. కెటిల్‌లో నీళ్ళు కాసేపే మరుగుతాయి కాబట్టి అంతా దిగదు, మూడో వంతు అంటుకుందనుకున్నా రోజుకి అర గ్రాము, నెలకి 15 గ్రాములు. ఒక గ్రాము సున్నాన్ని కరిగించడానికి కిరాణా షాపులో దొరికే నిమ్మఉప్పు దాదాపు 1.4 గ్రాములు ఖర్చవుతుంది. అంటే మీకు 21 గ్రాములు కావాలి, చిన్న చెంచాతో నాలుగైదు. చెంచాడే వేస్తే మూడు గ్రాములో మూడున్నరో పోతుంది, మిగిలింది అట్లాగే ఉంటుంది. అప్పుడు జనం నిమ్మఉప్పు పనిచేయదంటారు, లేదా వారానికోసారి మొదలుపెడతారు. ఎన్నాళ్ళకోసారి అన్న ప్రశ్న ఎంత వేయాలన్న దానితో ముడిపడి ఉంది, రెండూ విడదీసి చెప్పలేం.

బోరు_శీను
మేడమ్, లెక్క బాగుంది. కానీ మసలబెడితే త్వరగా కరుగుతుంది కదా? వేడికి ఏదైనా త్వరగా కరుగుతుంది.

మిర్యాలగూడ_మేడమ్
గోరువెచ్చని నీళ్ళ వరకు నువ్వన్నది నిజం. చల్లటి నీళ్ళలో కన్నా పని త్వరగా అవుతుంది. మసలబెట్టడం దగ్గరే తేడా వస్తుంది. సున్నంతో నిమ్మఉప్పు కలిస్తే కాల్షియం సిట్రేట్ వస్తుంది, దానికి తిరకాసు గుణం ఒకటుంది, చల్లటి నీళ్ళలో కన్నా వేడి నీళ్ళలో తక్కువ కరుగుతుంది. పొర మందంగా ఉండి యాసిడ్ చాలకపోతే మరిగేటప్పుడు ఆ సిట్రేట్ తెల్లటి బురదలాగ దిగి మళ్ళీ అడుగునే పట్టుకుంటుంది. చూసేవాళ్ళకి పొర పోలేదనిపిస్తుంది, నిజానికి పాత పొర పోయి ఇంకో రకం వచ్చి కూర్చుంది. మళ్ళీ మసలబెడితే ఇంకా గట్టిపడుతుంది.

పాలమూరు_రిపేర్
నమస్తే అందరికీ. మహబూబ్‌నగర్‌లో కాఫీ మెషిన్లు, కెటిళ్ళు బాగు చేస్తుంటాను. మేడమ్ చెప్పింది నా టేబుల్ మీద చూశాను. జడ్చర్ల నుంచి ఒకాయన కెటిల్ పట్టుకొచ్చారు. ఏడాది పాటు ముట్టుకోలేదు, తర్వాత పట్టుబట్టి నిమ్మఉప్పుతో మసలబెడుతూనే ఉన్నారట. అడుగున పెంకులాంటి పొర కాదు, వేలితో రాస్తే పిండిలాగ వచ్చే తెల్లటి మెత్తటి పొర. అదే గుర్తు. పెంకులాగ గరుకుగా ఉండి, చుక్క నిమ్మఉప్పు నీళ్ళు పడగానే బుడగలు వస్తే మామూలు సున్నం. బుడగలు రాకుండా పిండిలాగ ఉంటే సిట్రేట్. నేను చేసిందేమిటంటే మెత్తటి స్పాంజితో ఊడినంత తుడిచి, లీటరు చల్లటి నీళ్ళలో 50 గ్రాములు కొత్తగా కలిపి పోసి, స్విచ్ వేయకుండా రాత్రంతా వదిలేశాను. చల్లగా ఉండి యాసిడ్ మిగులు ఉంటే ఆ పిండి మళ్ళీ కరుగుతుంది. ఇంకోసారి చేశాక శుభ్రమైంది. స్టీలు కెటిల్ కాబట్టి రాత్రంతా వదిలాను, మెషిన్‌కి మాత్రం అట్లా చేయొద్దు.

మెషిన్ దగ్గర నా మాట వేరు పవన్. చిన్న మెషిన్లలో నీళ్ళు సన్నటి దారి గుండా పోతూ వేడెక్కుతాయి, ఆ వేడి చేసే దిమ్మె చాలా మెషిన్లలో అల్యూమినియమే. యాసిడ్‌లో ఎక్కువసేపు నానితే దానికి దెబ్బ. అట్లాగని ఏళ్ళ తరబడి వదిలేసి ఒకేసారి ఘాటుగా పోస్తే మందంగా కట్టిన సున్నం కరగకుండా పెళ్ళలుగా ఊడి, ముందుకెళ్ళి వాల్వులో ఇరుక్కుంటుంది. నా దగ్గరికి వచ్చే వాటిలో అట్లా ఇరుక్కుని ఆగిపోయినవే ఎక్కువ. అందుకే గుర్తులు వచ్చేదాకా ఆగొద్దంటాను. పలచగా, ముందే, తరచుగా చేసుకోవాలి.

పద్ధతి: లీటరు గోరువెచ్చని నీళ్ళలో 20 గ్రాములు బయట గిన్నెలోనే పూర్తిగా కరిగించాలి, పలుకులు ట్యాంకులోకి పోకూడదు. ట్యాంకులో ఫిల్టరు ఉంటే తీసేయాలి. కప్పెడు కాఫీ దారి నుంచి, కాస్త ఆవిరి గొట్టం నుంచి వదిలి, ఆపి పది నిమిషాలు ఆగాలి. ఇట్లా ట్యాంకు అయ్యేదాకా. తర్వాత ఉత్త నీళ్ళు రెండు ట్యాంకులు, ఆవిరి గొట్టం మర్చిపోకుండా. చివర్లో వచ్చిన నీళ్ళు నాలుక మీద పుల్లగా ఉంటే ఇంకో ట్యాంకు. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో నిమ్మఉప్పు వద్దని ఉంటే అదే వినండి, వారంటీ సంగతి ఉంటుంది.

క్యాన్_నీళ్ళ_కవిత
ఇంత అవస్థ ఎందుకన్నా? ఆర్వో నీళ్ళు వాడితే పొరే పట్టదు. మేం మొదటి నుంచి ఆర్వోనే, నిమ్మఉప్పు ఇంట్లో పులిహోరకే.

పాలమూరు_రిపేర్
చాలావరకు నిజమే చెల్లీ. కానీ ఇళ్ళలో పెట్టే ఆర్వోల్లో కొన్నింటికి రుచి కోసం టీడీఎస్ సర్దే చిన్న మర ఉంటుంది. అది తిప్పితే మెంబ్రేన్ గుండా పోని బోరు నీళ్ళు కొన్ని వచ్చి మళ్ళీ కలుస్తాయి. ఇంట్లో ఆర్వో ఉంది, అయినా మెషిన్ పట్టేసింది అని వచ్చినవాళ్ళ ఇంటికెళ్ళి చూస్తే ఆ మర సగం తెరిచి ఉంటుంది. ఇంకోటి, మరీ ఉప్పులేని నీళ్ళు పోస్తే పెద్ద బాయిలర్ మెషిన్లలో నీటి మట్టం చూసే కడ్డీ నీళ్ళున్నా లేవనుకుంటుంది, దానికి నీళ్ళలో కాస్త కరెంటు పారాలి. పవన్‌ది చిన్నది కాబట్టి ఆ టెన్షన్ ఉండకపోవచ్చు.

మర్రిగూడ_మల్లేశ్
మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. కెటిల్‌లో నిమ్మఉప్పు వేసి కాస్తే ఫ్లోరైడ్ కూడా పోతుందా మేడమ్? పిల్లలకి ఆ నీళ్ళే తాగించొచ్చా?

మిర్యాలగూడ_మేడమ్
వద్దు మల్లేశ్ గారూ, పోదు. ఇక్కడ మాట్లాడుతున్నది గిన్నెకి పట్టిన సున్నం గురించి, ఆ నీళ్ళు పారబోసేవే. కాస్తే ఫ్లోరైడ్ తగ్గదు, నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన వాటిలో కొంచెం పెరుగుతుంది కూడా. పిల్లలకి నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్ళో, బాగా నడిచే ఆర్వో నీళ్ళో ఇవ్వండి, బోరువి మాత్రం కాదు.

రిపేర్ గారూ, మీతో ఒక్క దగ్గర విభేదిస్తాను. ముందే, తరచుగా అన్నారు. కెటిల్‌కి సరే, మెషిన్‌కి ఆర్వో నీళ్ళు పోసేవాళ్ళు కూడా నెల నెలా యాసిడ్ పోస్తే కరిగించడానికి సున్నం ఉండదు, అప్పుడు అది లోహం మీదే పడుతుంది. బయటికొచ్చిన నీళ్ళలో నీలం, ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే రాగి, ఇత్తడి కరుగుతున్నట్టే. నీళ్ళని బట్టి వాయిదా పెట్టుకోవాలి కానీ క్యాలెండరుని బట్టి కాదు.

పాలమూరు_రిపేర్
మేడమ్, ఆర్వో వాళ్ళకి నేనూ నెలకోసారి అనను, నాలుగైదు నెలలు చాలు. బోరు నీళ్ళు పోసేవాళ్ళ గురించే అన్నాను. కెటిల్‌లో అడుగు కనిపిస్తుంది, మెషిన్ లోపల ఎవరికి కనిపిస్తుంది? ధార సన్నబడి, పంపు మోత పెరిగే వరకు ఆగితే అప్పటికే ఆలస్యం.

పానగల్లు_పవన్
అందరికీ థాంక్స్. ఓనరు గారి అబ్బాయి దగ్గర చుక్కల కిట్ ఉంటే తెచ్చి చూశాను, 340 వచ్చింది. కెటిల్‌కి మేడమ్ చెప్పినట్టు ఐదు చెంచాలు వేసి, నీళ్ళు వెచ్చబడగానే స్విచ్ ఆపి అరగంట వదిలాను. మొదట బుసబుసా పొంగింది, తర్వాత అడుగు స్టీలు కనిపించింది, మూల దగ్గర కొంచెం మిగిలింది. రిపేర్ అన్నా, మెషిన్‌లో కాఫీ ధార ఇప్పటికే సన్నగా వస్తోంది. ఇది సున్నమేనా?

పాలమూరు_రిపేర్
కాఫీ పొడి పెట్టే పిడి తీసేసి ఉత్త నీళ్ళు వదిలి చూడు. అప్పుడు ధార బాగా వస్తే లోపల సున్నం కాదు, పొడి మరీ మెత్తగా ఉంది, లేదా గట్టిగా నొక్కుతున్నావు. పిడి లేకుండా కూడా సన్నగా వస్తేనే నిమ్మఉప్పు. కొత్త మెషిన్ అంటున్నావు కాబట్టి పొడే అయ్యుండాలి.

పానగల్లు_పవన్
పిడి తీస్తే ధార ఫుల్‌గా వస్తోందన్నా. పొడి కొంచెం బరకగా చేస్తాను. మెషిన్‌కి ఇకనుంచి క్యాన్ నీళ్ళే.

బోరు_శీను
కెటిల్‌కి నాలుగైదు చెంచాలు, మసలబెట్టకుండా, ఒప్పుకున్నాను మేడమ్. కానీ క్యాన్ నీళ్ళ మీద నాకు నమ్మకం లేదు, ఒక్కో ప్లాంటు నీళ్ళు ఒక్కో రకం. పవన్ అన్నా, ఆ కిట్‌తో క్యాన్ కూడా ఒకసారి చూసి అంకె ఇక్కడ పెట్టు.