టెట్రాసైక్లిన్ కాంజుగేషన్‌ను పెంచుతుందా, పెంచినట్టు కనబడుతుందా?

ప్లేట్‌పిచ్చి: రిఫాంపిసిన్ తట్టుకునే ఈ.కోలై రెసిపియెంట్‌ను, టెట్రాసైక్లిన్, కనామైసిన్ నిరోధక జీన్లున్న ప్లాస్మిడ్ మోసే డోనర్‌తో సమానంగా కలిపి రాత్రంతా ఉంచాను. కొద్దిగా టెట్రాసైక్లిన్ వేసిన ట్యూబులో కాంజుగేషన్ రేటు 12 రెట్లు పెరిగింది. యాంటీబయాటిక్ ప్లాస్మిడ్ బదిలీని వేగం చేస్తుందని రాసేయొచ్చా?

కొత్తకల్చర్: నిస్సందేహంగా రాయండి. మందు తగిలితే బాక్టీరియాకు టెన్షన్, ఆ టెన్షన్‌లో ఎస్ఓఎస్ అనే అత్యవసర స్పందన మొదలవుతుంది, బదిలీ జీన్లు తెరుచుకుంటాయి. కలరా బాక్టీరియాలోని ఎస్ఎక్స్‌టి అనే మూలకం విషయంలో ఇది 2004లోనే చూపించారు. సిప్రోఫ్లోక్సాసిన్ వేస్తే బదిలీ పెరిగింది.

పాతపెట్రి: ఎస్ఎక్స్‌టి సంగతి నిజమే. కానీ అక్కడ సిప్రోఫ్లోక్సాసిన్ డీఎన్ఏను దెబ్బతీస్తుంది, దాంతో బదిలీ జీన్లను మూసి ఉంచే సెట్ఆర్ ప్రోటీన్ తెగిపోతుంది. టెట్రాసైక్లిన్ ఆపేది రైబోజోమ్‌ను. పైగా ఎస్ఎక్స్‌టి క్రోమోజోమ్‌లో కూర్చునే మూలకం, అందులో ఉన్న తాళం ప్రతి ప్లాస్మిడ్‌లోనూ ఉండదు.

ప్లేట్‌పిచ్చి గారూ, 12 రెట్లన్నది దేన్ని దేనితో భాగిస్తే వచ్చింది? అసలు కాలనీ లెక్కలు పెట్టండి.

ప్లేట్‌పిచ్చి: ప్లాస్మిడ్ అందుకున్న రెసిపియెంట్లను, అంటే ట్రాన్స్‌కాంజుగెంట్లను, రెసిపియెంట్లతో భాగించాను. మిల్లీలీటరుకు ఇవీ లెక్కలు. మందు లేనప్పుడు ట్రాన్స్‌కాంజుగెంట్లు 1 లక్ష, డోనర్లు, రెసిపియెంట్లు చెరో 50 కోట్లు. అంటే 5,000కు ఒకటి. మందు ఉన్నప్పుడు ట్రాన్స్‌కాంజుగెంట్లు 5 వేలు, డోనర్లు 100 కోట్లు, రెసిపియెంట్లు 20 లక్షలు. అంటే 400కు ఒకటి.

పాతపెట్రి: మీ లెక్కలే చూడండి. ట్రాన్స్‌కాంజుగెంట్లు పెరగలేదు, 20 రెట్లు తగ్గాయి! రెసిపియెంట్లు 250 రెట్లు పడిపోయాయి కాబట్టి భాగహారంలో ‘రేటు’ లేచింది. ప్లాస్మిడ్ లేని రెసిపియెంట్లను మందు పెరగనివ్వలేదు, అంతే.

కొత్తకల్చర్: ఆగండి, ఇందులో నా వాదనకూ చోటుంది. డోనర్, రెసిపియెంట్ కలుసుకునే అవకాశం వాటి సంఖ్యల గుణకారంతో మారుతుంది కదా? మందు ఉన్న ట్యూబులో ఆ గుణకారం 125 రెట్లు తక్కువ. అయినా ట్రాన్స్‌కాంజుగెంట్లు తగ్గింది 20 రెట్లే. మిగిలిన ఆరు రెట్లు ఎక్కడివి? ఒక్కో కలయికలో బదిలీ పెరిగిందనేగా?

పాతపెట్రి: మంచి ప్రశ్న, నిజంగానే. కానీ తప్పనిసరిగా అలాగే అని కాదు. మీరు గుణించింది చివరి సంఖ్యల్ని. మందు లేని ట్యూబులో బదిలీల్లో ఎక్కువ భాగం చివర్లో, కణాలు కిక్కిరిశాక జరుగుతాయి. మందున్న దాంట్లో రెసిపియెంట్లు మొదటి నుంచీ దాదాపు అంతే ఉన్నాయి, తొలి గంటల్లో పుట్టిన ట్రాన్స్‌కాంజుగెంట్లు ఆపై విభజన చెందుతూ పోయాయి. ఆరు రెట్లు అక్కడి నుంచే రావచ్చు. రాకపోవచ్చు కూడా. రాత్రంతా ఉంచిన ట్యూబు ఈ రెండింటినీ విడదీయలేదు.

రాత్రిషిఫ్ట్: మధ్యలో వస్తున్నా. నాకు డోనర్ ఒక్కటే వేసిన సెలెక్షన్ ప్లేటులోనూ 11 కాలనీలు వచ్చాయి. బదిలీయే లేనప్పుడు ఇవెక్కడివి? ప్రయోగమంతా వృథాయేనా?

పాతపెట్రి: 100 కోట్ల డోనర్లు పరిస్తే వాటంతట అవే రిఫాంపిసిన్ తట్టుకునే మ్యూటెంట్లు పదో పరకో రావడం మామూలే. మీ ట్రాన్స్‌కాంజుగెంట్లు వేలల్లో ఉంటే పట్టించుకోకండి, పదుల్లో ఉంటే మాత్రం ఆ లెక్క నమ్మొద్దు. ప్లేట్‌పిచ్చి గారు ఇంకోటి కూడా చూడాలి. డోనర్, రెసిపియెంట్‌ను విడిగా పెంచి, పరిచే ముందు క్షణంలో కలిపి చూడండి. అప్పుడూ కాలనీలు వస్తే బదిలీ ట్యూబులో కాదు, ప్లేటు మీదే జరుగుతోందన్నమాట.

అసలు ప్రశ్నకు తేల్చే ప్రయోగం ఇది. క్రోమోజోమ్‌లోనే టెట్రాసైక్లిన్ నిరోధక జీన్ ఉన్న రెసిపియెంట్ తీసుకోండి. అప్పుడు మందు ఎవరి పక్షమూ వహించదు. గంటకు మించి కలపకండి. ట్రాన్స్‌కాంజుగెంట్లను కనామైసిన్, రిఫాంపిసిన్ కలిపిన ప్లేటు మీద ఎంచండి. అప్పటికీ పెరిగితే బదిలీ పెరిగిందని నేనే ఒప్పుకుంటా.

కొత్తకల్చర్: పేగు బాక్టీరియా బాక్టిరాయిడిస్‌లో సీటీఎన్-డాట్ అనే బదిలీ మూలకం ఉందిగా? అక్కడ టెట్రాసైక్లినే బదిలీని తెరుస్తుంది. రైబోజోమ్ మందు కాబట్టి కాదనలేం కదా!

పాతపెట్రి: ఒప్పుకున్నా, అది తిరుగులేని ఉదాహరణ. అందుకే మూలకాన్ని బట్టి చెప్పాలంటున్నా.

రాత్రిషిఫ్ట్: పేగులో రెసిపియెంట్లు చచ్చి ఖాళీ ఏర్పడితే ప్లాస్మిడ్ ఉన్నవే నిండుతాయి. బదిలీ పెరిగినా పెరగకపోయినా రోగికి తేడా ఏముంది?

ప్లేట్‌పిచ్చి: నాకు తేడా ఉంది, రిపోర్టులో ‘రేటు’ అని రాయాలి! క్రోమోజోమ్‌లో జీన్ ఉన్న రెసిపియెంట్ మా దగ్గర లేదు. తయారు చేసుకునే వరకు ఆ 12 రెట్ల మాట కొట్టేస్తున్నా.